సోకింగ్ కెమికల్ మారుస్తున్నప్పుడు చేంజ్ రిక్వెస్ట్: రొయ్యల ప్లాంట్‌లో రోల్‌బ్యాక్ ఎక్కడ తప్పుతుంది

ప్రశ్న: నెల్లూరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌ని. ఒక బయ్యర్ ఫాస్ఫేట్ లేని పీడీ రొయ్య, అంటే పెంకూ నరమూ తీసిన రొయ్య అడిగాడు. సోకింగ్‌లో, అంటే రొయ్యని నానబెట్టే దగ్గర, ఎస్‌టీపీపీ అనే ఫాస్ఫేట్ పొడి తీసేసి నాన్-ఫాస్ఫేట్ కెమికల్ పెట్టాలి. చేంజ్ రిక్వెస్ట్ రాయమన్నారు. "ఇంపాక్ట్: ఏమీ లేదు. రోల్‌బ్యాక్: పాత కెమికల్‌కి మారుతాం" అని రాస్తే నాణ్యత చూసే క్యూఏ మేడమ్ రెండుసార్లు తిప్పి పంపారు. అసలు ఏం రాయాలి?

సమాధానం:

మీ మేడమ్ తిప్పి పంపి మంచి పని చేశారు. ఇరవై రెండేళ్లు నెల్లూరు, ఒంగోలు మధ్య ప్లాంట్లలో పనిచేశాను. మొదట ప్రొడక్షన్, తర్వాత క్యూఏ. నేను ప్రొడక్షన్‌లో ఉన్నప్పుడు మీలాగే రెండు లైన్లు రాసి పంపేవాణ్ణి. అప్పట్లో తిప్పి పంపే మేడమ్ మాకు లేకపోయింది.

ఏం జరిగిందో చెబుతాను, ఫారంలో ఏం రాయాలో దాంట్లోనే తెలుస్తుంది. అప్పుడు మేం పనిచేసే చోట ఇట్టాగే నాన్-ఫాస్ఫేట్‌కి మారాం. కెమికల్ అమ్మే అతను వచ్చి ఒక టబ్బులో ట్రయల్ చేసి చూపించాడు. పాత ఎస్‌టీపీపీలో వంద కిలోల పీడీ రొయ్య నానాక 115 కిలోలు తూగేది, అతని మందులో 114 వచ్చింది. "కిలో తేడా, దాందేముంది" అని అందరం ఒప్పేసుకున్నాం. మరుసటి వారం నుంచి కంటైనర్ నింపడం మొదలుపెట్టాం. బయ్యర్ ఊళ్లో సరుకు కరిగించి చూస్తే పౌండుకి 26 నుంచి 30 ముక్కలని, అంటే 26/30 అని రాసిన కార్టన్లలో 31 కౌంట్ తేలింది. డబ్బు కోశారు, మాకు నోటీసు వచ్చింది.

తప్పు ఎక్కడుందంటే, టబ్బులో తాగిన నీరు వేరు, కరిగాక రొయ్యలో నిలిచే నీరు వేరు. ఫాస్ఫేట్ మాంసకృత్తుల్ని కొంచెం విప్పి నీటిని లోపల పట్టి ఉంచుతుంది. నాన్-ఫాస్ఫేట్ మిశ్రమాల్లో చాలావరకు కార్బొనేట్, సిట్రేట్, ఉప్పు లాంటివే ఉంటాయి. అవి టబ్బులో నీరు బాగానే తాగిస్తాయి, కానీ గడ్డకట్టి కరిగేసరికి వాటిలో కొన్ని ఆ నీటిని వదిలేస్తాయి. మా కేసులో పాత పద్ధతి 115 నుంచి కరిగాక 112 దగ్గర ఆగేది. కొత్తది 114 నుంచి 107కి దిగింది.

ఇప్పుడు కౌంట్ లెక్క చూడండి. నానబెట్టక ముందు పౌండుకి 33 ముక్కలున్న రొయ్య అనుకోండి. పాత పద్ధతిలో కరిగాక 12 శాతం బరువు నిలుస్తుంది కాబట్టి 33ని 1.12తో భాగిస్తే 29.5. 26/30లో సరిపోతుంది. కొత్త పద్ధతిలో 1.07తో భాగిస్తే 30.8. గ్రేడ్ దాటిపోయింది. మరి మా ప్లాంట్‌లో ఎందుకు పట్టుకోలేదు? మేం కౌంట్ చూసేది పైనున్న మంచు పొర గ్లేజ్ తీసి, గడ్డ మీదే. అప్పటికి నీరు ఇంకా లోపలే ఉంది. 33ని 1.14తో భాగిస్తే 29. మా రిపోర్ట్ పక్కాగా ఉంది, బయ్యర్ రిపోర్టూ పక్కాగా ఉంది, రెండూ వేర్వేరు దశలో తూచినవి.

(పక్కమాట: ఈ లెక్కలు చెప్పినంత మాత్రాన నీళ్లు పోసి బరువు పెంచమని కాదు. నానడంలో ఎక్కే బరువు, అంటే పికప్, ఎంత ఒప్పుకున్నారో అంతే, అది బయ్యర్ స్పెక్‌లో రాసి ఉండాలి. రాసుకోకుండా పట్టించిన నీరు ఏదో ఒక రోజు క్లెయిమ్ అయి తిరిగి వస్తుంది.)

ఇంపాక్ట్ అనాలిసిస్ అంటే ఈ పని. "ఈ మార్పు వల్ల ఏమేం మారతాయి" అని గాల్లోకి చూస్తూ ఆలోచిస్తే ఏమీ తట్టదు, "ఏమీ లేదు" అని రాసేస్తాం. దానికి బదులు మీ ఫ్లో చార్ట్ ముందు పెట్టుకోండి. సోకింగ్ తర్వాత ఉన్న ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఒకటే అడగండి: ఈ మెట్టు ఇన్నాళ్లూ పాత సోకింగ్ ఇచ్చిన దేని మీద ఆధారపడింది? గ్రేడింగ్ మెషీన్ సెట్టింగ్ పాత పికప్‌ని నమ్ముకుని ఉంది. ప్యాకింగ్ తూకం కరిగేటప్పుడు కారే నీటిని, అంటే పాత డ్రిప్‌ని నమ్ముకుని ఉంది. ఫ్రీజర్ బెల్ట్ వేగం పాత నీటి శాతాన్ని నమ్ముకుని ఉంది. లేబుల్ పాత పదార్థాల జాబితాని నమ్ముకుని ఉంది. ఇవి ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు, అలవాటుగా కుదిరిపోయాయి. మార్పు వచ్చినప్పుడు తెగేవి ఈ రాయని ముళ్లే.

సోకింగ్‌కి ముందు మెట్లు కూడా వదలొద్దు. కొత్త మందుకి నానబెట్టే సమయం ఎక్కువ కావాలంటారు. మీ దగ్గర గంటన్నర నుంచి రెండున్నర గంటలకు పెరిగిందనుకుందాం. పీలింగ్ నుంచి గంటకు 400 కిలోలు వస్తున్నాయి, టబ్బుకి 200 కిలోలు. అంటే గంటకు రెండు టబ్బులు నిండుతున్నాయి. నింపడానికి, వడగట్టడానికి అరగంట కలిపితే పాత పద్ధతిలో ఒక టబ్బు రెండు గంటలు తీరిక లేకుండా ఉంటుంది, కాబట్టి నాలుగు టబ్బులు చాలు. కొత్త పద్ధతిలో మూడు గంటలు, కాబట్టి ఆరు కావాలి. ఆ రెండు టబ్బులు, వాటికి చిల్ రూమ్‌లో చోటు లేకపోతే ఏమవుతుంది? పీల్ చేసిన రొయ్య టేబుళ్ల మీద, క్రేట్లలో ఆగుతుంది. రోహిణి కార్తెలో మన ఊళ్లో క్రేట్‌లో ఐసు ఎంతసేపు నిలుస్తుందో మీకు నేను చెప్పాలా? కెమికల్ మార్పు కాస్తా బాక్టీరియా సమస్యగా మారేది ఇక్కడే. కాబట్టి "కెమికల్ మార్పు" అని హెడ్డింగ్ పెట్టకండి. "సోకింగ్ కెమికల్, గాఢత, సమయం, టబ్బుల సంఖ్య మార్పు" అని పెట్టండి. మారేవి అన్నీ పేర్లతో కనబడాలి.

ఇంకో రెండు మూడు సంగతులు క్లుప్తంగా. కార్బొనేట్ ఉన్న మిశ్రమంలో క్షారం ఎక్కువ. సమయం దాటినా, పొడి కొంచెం ఎక్కువ పడినా రొయ్య గాజులా పారదర్శకంగా అవుతుంది, చేతికి సబ్బులా జారుతుంది, ఉడికాక కూడా పూర్తిగా తెల్లబడదు. దీన్ని టబ్బు దగ్గరే కంటితో పట్టుకోవచ్చు, అందుకే ద్రావణం పీహెచ్, నానాక మాంసం పీహెచ్ రెండూ రికార్డులో ఒక గడిగా చేర్చండి. ఆ క్షారపు నీరు మురుగునీరు శుద్ధి చేసే ఈటీపీకి కూడా వెళ్తుంది, అక్కడి ఆపరేటర్‌కి ముందే చెప్పండి. మిశ్రమం స్పెక్ షీట్ పూర్తిగా తెప్పించి చదవండి. కొన్నింటిలో గుడ్డు తెల్లసొన, సోయా లాంటి ప్రొటీన్లు కలుపుతారు. అలాంటిది ఉంటే మీ ప్లాంట్‌లోకి కొత్త అలర్జెన్ వచ్చినట్టే, అప్పుడు కడిగే పద్ధతి నుంచి లేబుల్ దాకా మారాలి. సరఫరాదారు "సీక్రెట్ ఫార్ములా సార్" అంటే ఆ మందు వద్దు, అంతే.

ఆహార ప్రమాదాల్ని అదుపు చేసే ప్లాన్, అంటే హేసప్ సంగతి విడిగా రాయాలి. అమెరికాకి వెళ్లే సరుకైతే వాళ్ల సీఫుడ్ హేసప్ నియమం 1997 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ప్రమాదాల విశ్లేషణ మీద ప్రభావం చూపే మార్పు ఏది జరిగినా ప్లాన్ మళ్లీ పరిశీలించాలని, మార్పు లేకపోయినా ఏడాదికి ఒకసారైనా పరిశీలించాలని అది చెబుతుంది. మీ ఫారంలో "హేసప్ టీమ్ ఫలానా తేదీన కూర్చుంది, సీసీపీలు అనే కీలక నియంత్రణ మెట్లు మారలేదు, కారణం ఇది" అని ఉండాలి. మారకపోవడం తప్పు కాదు, చూడకపోవడం తప్పు. ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ వాళ్లు వచ్చినప్పుడు కూడా మాన్యువల్‌లో ఒకటి, టబ్బు దగ్గర ఒకటి కనబడకూడదు.

ట్రయల్ గురించి. సరఫరాదారు చేసి చూపించేది ట్రయల్ కాదు. ఒకే చెరువు రొయ్య, ఒకే కౌంట్, ఒకే రోజు తీసుకుని రెండు భాగాలు చేయండి. సగం పాత పద్ధతి, సగం కొత్త పద్ధతి. నాలుగు చోట్ల తూచండి: నానబెట్టక ముందు, నానాక, గడ్డకట్టి కరిగాక, ఉడికాక. వడగట్టే సమయం వాచీ పెట్టి రెండింటికీ ఒకటే ఉంచండి. జల్లెడ రెండు నిమిషాలు ముందు ఎత్తేస్తే ఒక శాతం పికప్ "వచ్చేస్తుంది", ఈ కిటుకు అందరికీ తెలుసు. వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు చేయండి. అందులో ఒకటి మెత్తగా ఉన్న రొయ్యతో, అంటే పెంకు విడిచిన కొత్తలో పట్టిన దానితో ఉండాలి. మంచి రొయ్యతో అన్ని మందులూ పనిచేస్తాయి. ఫ్రీజర్ నుంచి బయటికి వచ్చే చోట పెద్ద కౌంట్ ముక్క నడిమధ్య ఉష్ణోగ్రత చూడండి, మైనస్ 18 తాకకపోతే బెల్ట్ వేగం తగ్గించాలి. అప్పుడు గంటకి ఎంత తగ్గుతుందో అదీ ఇంపాక్ట్‌లో రాయాలి.

నానబెట్టని రొయ్య కూడా ఒక శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. ఇది చాలామంది మరిచిపోతారు. రొయ్యలో సహజంగానే ఫాస్ఫేట్ ఉంటుంది. రేపు బయ్యర్ టెస్ట్ చేయించి "సున్నా రాలేదే, మీరు ఫాస్ఫేట్ వాడారు" అంటే, అదే లాట్ పచ్చి రొయ్య అంకె మీ దగ్గర లేకపోతే నోరు మెదపలేరు.

ఇక రోల్‌బ్యాక్. "పాత కెమికల్‌కి మారుతాం" అన్న వాక్యంలో మీ మేడమ్‌కి ఏం కనబడిందో నాకు తెలుసు. కంప్యూటర్ వాళ్లకి పాత వెర్షన్ మళ్లీ ఎక్కిస్తే సరిపోవచ్చు. మనకి అట్టా కాదు. నానిన రొయ్యని నానని రొయ్యగా చేయలేం. పైగా మీ కేసులో ఇంకో మెలిక ఉంది. ఆర్డర్ ఫాస్ఫేట్ లేని సరుక్కి వచ్చింది, కార్టన్ మీద అదే అచ్చయింది. మధ్యలో కొత్త మందు పనిచేయలేదని మీరు రాత్రి రెండింటికి ఎస్‌టీపీపీకి మారితే ఆ సరుకు ఈ బయ్యర్‌కి పనికిరాదు. ఆ కార్టన్లో పెడితే తప్పుడు లేబుల్. అంటే ఈ ఆర్డర్‌కి రోల్‌బ్యాక్ పాత కెమికల్ కాదు, ఆర్డర్ ఆపడం. పాత కెమికల్‌కి మారితే పాత లేబుల్‌కీ, పాత బయ్యర్‌కీ కూడా మారాలి. ఈ మూడూ ఒకే వాక్యంలో ఉండాలి.

కాబట్టి రొయ్య ఎక్కడుందో దాన్నిబట్టి రోల్‌బ్యాక్ రాయండి. ద్రావణం కలిపారు కానీ రొయ్య పడలేదు, అయితే పారబోయడమే, నష్టం మందు ఖరీదు. రొయ్య టబ్బులో ఉంది, అయితే సమయం పూర్తవగానే తీసి, మంచినీళ్లతో కడిగి, ఐసు పెట్టి ఫ్రీజ్ చేసి, "హోల్డ్" ట్యాగ్‌తో విడి ప్యాలెట్. దాన్ని ఎస్‌టీపీపీ టబ్బులో మళ్లీ ముంచి సరిచేద్దామని ఎవరికైనా బుద్ధి పుట్టొచ్చు, పుడుతుంది కూడా. "రెండోసారి నానబెట్టరాదు" అని ఫారంలో రాయండి. రొయ్య గడ్డకట్టి కోల్డ్ స్టోరేజీలో ఉంది, అయితే లాట్ కోడ్‌తో వెతికి పక్కకు పెట్టాలి, కరిగించి చూసిన కౌంట్ ప్రకారం కింది గ్రేడ్‌కి మార్చాలి, లేబుల్ కొత్తది వేయాలి. ఇది వీలవ్వాలంటే కొత్త పద్ధతి లాట్ కోడ్‌లో తేడా కనబడాలి. మేం ఆ తప్పూ చేశాం. పాత, కొత్త సరుకుకి ఒకే వరస కోడ్ ఇచ్చాం. తర్వాత వేరు చేయడానికి నలుగురు మనుషులు, మూడు రోజులు, మైనస్ 20 గదిలో.

కంటైనర్ కదిలిపోయాక రోల్‌బ్యాక్ అనేది లేదు, దాని పేరు రీకాల్. అందుకే మొదటి బ్యాచ్‌లు కరిగించి, ఉడికించి చూసిన రిపోర్ట్ చేతికొచ్చేదాకా లోడింగ్ చేయరాదని ఒక గేటు పెట్టండి. చెన్నై హార్బర్‌కి బండి ఎప్పుడు వెళ్లాలో డిస్పాచ్ వాళ్లకి తేదీ ఉంటుంది, వాళ్లు ఒత్తిడి చేస్తారు. ఆ గేటు కాగితం మీద ఉంటేనే మీరు నిలబడగలరు.

ఎప్పుడు వెనక్కి వెళ్లాలి అన్నది ముందే అంకెల్లో రాయాలి, ఎందుకంటే ఆ క్షణంలో అందరూ "ఇంకో టబ్బు చూద్దాం" అంటారు. మీ ట్రయల్ అంకెల నుంచి తీసి రాయండి. నమూనాకి ఇట్టా ఉండొచ్చు, కాకపోతే పైన చెప్పిన 33 ముక్కల రొయ్యకి ఇందులోని 105 హద్దు చాలదు, మీ కౌంట్‌ని బట్టి అంకె మార్చుకోండి:

"కరిగాక నిలిచిన బరువు వరుసగా రెండు బ్యాచ్‌లలో 105 కంటే తగ్గినా, ద్రావణం ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటి అరగంటలో దిగకపోయినా, పది ముక్కలు ఉడికిస్తే ఒక్కటి గాజులా మిగిలినా, ఆ షిఫ్ట్ క్యూఏ ఎగ్జిక్యూటివ్ కొత్త టబ్బులు నింపడం ఆపిస్తారు. మేనేజర్ అనుమతి కోసం ఆగరు. ఆపాక ఫోన్ చేసి చెబుతారు. ఆ ఆర్డర్ ఉత్పత్తి నిలుస్తుంది. పీలింగ్ నుంచి వచ్చే రొయ్య ఫలానా ఎస్‌టీపీపీ ఆర్డర్‌కి, దాని సొంత కార్టన్లతో మళ్లుతుంది."

చివరి వాక్యం చూశారా, అక్కడే మీ రోల్‌బ్యాక్ ఉంది. ఆ "ఫలానా ఆర్డర్" నిజంగా చేతిలో ఉండాలి. లేకపోతే పీలింగ్ ఆడవాళ్లు ఒలిచిన రొయ్య ఎక్కడికి పోవాలి? అలాంటి ఆర్డర్ ఏదీ లేని వారంలో మార్పు మొదలుపెట్టకండి. నానబెట్టకుండా నేరుగా ఫ్రీజ్ చేసి అమ్ముకునే దారి ఉంటే అదీ రాయొచ్చు, కానీ దానికీ లేబుల్, కౌంట్ వేరు. పైన చెప్పిన 33 ముక్కల రొయ్య నానకపోతే 33గానే ఉంటుంది.

పాత ఎస్‌టీపీపీ బస్తాలు వారానికి సరిపడా ఉంచండి, కానీ వేరే గదిలో, తాళం వేసి, తాళంచెవి క్యూఏ దగ్గర. సోకింగ్ గదిలో రెండు తెల్లపొడులు పక్కపక్కన ఉంటే రాత్రి షిఫ్ట్‌లో ఏదో ఒక రోజు తారుమారవుతాయి. పాత కార్టన్లకీ ఇదే మాట. ఒకే టబ్బులో రెండు రకాలు నడపాల్సి వస్తే ముందు ఫాస్ఫేట్ లేనిది, తర్వాత ఫాస్ఫేట్ ఉన్నది నడపండి. తలకిందులైతే టబ్బు, జల్లెడ, వాల్వు, పైపు అన్నీ కడిగి చివరి నీళ్లు పరీక్షించాకే మొదలుపెట్టాలి. రోల్‌బ్యాక్ అయ్యి మళ్లీ కొత్త పద్ధతికి వచ్చేటప్పుడు ఈ మెట్టు తప్పకుండా గుర్తుంచుకోవాలి, అంటే ఫారంలో ఉండాలి.

ఒక రోజు పగటి షిఫ్ట్‌లో ఒకే టబ్బుతో రోల్‌బ్యాక్‌ని ఉత్తుత్తిగా నడిపి చూడండి. "ఆపండి" అన్న దగ్గర్నుంచి హోల్డ్ ట్యాగ్ పడేదాకా ఎంతసేపు పట్టిందో రాయండి. మేం చేసినప్పుడు నలభై నిమిషాలు పట్టింది. అందులో పాతిక నిమిషాలు ట్యాగులున్న బీరువా తాళం వెతకడానికే పోయింది. ఆ అంకెనే ఫారంలో రాశాం, ట్యాగులు టబ్బు పక్కన గోడకి వేలాడదీశాం.

ఫారం పొడవు గురించి బెంగ వద్దు. మా తర్వాతి నాన్-ఫాస్ఫేట్ మార్పు కాగితం మూడు పేజీలు. ఒక పేజీ ట్రయల్ తూకాలు, ఒక పేజీ ఫ్లో చార్ట్ పక్కన మెట్టు మెట్టుకీ ఏం మారిందో చేత్తో రాసినది, ఒక పేజీ రోల్‌బ్యాక్. సంతకాలు ప్రొడక్షన్, క్యూఏ, మెయింటెనెన్స్, డిస్పాచ్, స్టోర్స్. స్టోర్స్ సంతకం ఎందుకంటే ఎస్‌టీపీపీ బస్తాలు వెనక్కి పంపేది వాళ్లే. మాకు మొదటిసారి వాళ్లు ఖాళీ చేయడానికి ఆత్రపడి రెండో రోజే సరఫరాదారుకి తిరిగి ఇచ్చేశారు.

ముగింపు గడి ఒకటి పెట్టండి: పది బ్యాచ్‌లు వరుసగా హద్దుల్లో ఉండి, బయ్యర్ దగ్గర నుంచి మొదటి కంటైనర్ కరిగించిన కౌంట్ రిపోర్ట్ వచ్చాకే మార్పు ఖాయమైనట్టు. అప్పటిదాకా టబ్బు దగ్గర పని పద్ధతి రాసిన పాత ఎస్‌ఓపీ తీసేసి కొత్తది "తాత్కాలికం" అని ముద్ర వేసి ఉంచండి, పాతది క్యూఏ ఫైల్లో ఉంటుంది. మీ ట్రయల్ తూకాలు వచ్చాక ఇక్కడ పెట్టండి, 105 హద్దు మీకు సరిపోతుందో లేదో మీ కౌంట్‌తో లెక్కేసి చూద్దాం.